నాలుగిళ్ల మనిషికి సెలవు ఎవరివ్వాలి?

తెల్లవారి ఆరున్నరకు అడ్డగుట్ట నుంచి ఈస్ట్ మారేడ్‌పల్లి వైపు దిగే దారిలో నిలబడితే సికింద్రాబాద్‌ను నడిపిస్తున్నది ఎవరో తెలుస్తుంది. చేతిలో చిన్న పర్సు, కొంగులో ఫోను, కాళ్లకు రబ్బరు చెప్పులు. ఇద్దరు ముగ్గురు కలిసి మాట్లాడుకుంటూ వేగంగా నడుస్తుంటారు. అదే వేళకు బన్సీలాల్‌పేట నుంచి పద్మారావునగర్‌కు, రసూల్‌పురా నుంచి బేగంపేట కాలనీలకు ఇలాగే వెళ్తుంటారు. 2023 డిసెంబర్ 9న రాష్ట్రమంతటా ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక, నడిచి చేరలేనంత దూరంలో ఉన్న సైనిక్‌పురి, అల్వాల్ ఇళ్లు కూడా వీళ్లలో చాలామందికి అందుబాటులోకి వచ్చాయి. బస్సు ఖర్చు మిగలడమూ చిన్న విషయం కాదు. జీతం మాత్రం ఇప్పటికీ ఇంటి గుమ్మంలో నిలబడి, ఒక్కో ఇల్లాలితో ఒంటరిగా బేరమాడి తెచ్చుకోవలసిందే.

ఇంటి పనివాళ్ల గురించి రాసే వ్యాసాలు ఎక్కువగా రోజంతా ఒకే ఇంట్లో ఉండే మనిషిని ఊహించుకుంటాయి. లష్కర్‌లో ఒకప్పుడు అలాగే ఉండేది. కంటోన్మెంట్ బంగళాల వెనక వరసగా సర్వెంట్ క్వార్టర్లు కట్టారు. వంటమనిషి, ఆయా, తోటమాలి కుటుంబాలతో అక్కడే బతికారు. రైల్వే అధికారుల బంగళాలకు కొంతకాలం కిందటి వరకూ బంగళా ప్యూన్‌లు ఉండేవారు. ఆ నియామకాలను రైల్వే బోర్డు 2020 ఆగస్టులో నిలిపేసింది. సర్వెంట్ క్వార్టర్ పద్ధతి మాత్రం పూర్తిగా పోలేదు. గది ఇచ్చామన్న పేరుతో జీతం సగానికి సగం తగ్గించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇందులో అన్యాయం రెండు వైపుల నుంచి వస్తుంది. నివాసం విలువను జీతంలో కలిపి లెక్కకట్టడానికి 1948 నాటి కనీస వేతనాల చట్టం అసలు ఒప్పుకోలేదు. అది చాలదన్నట్టు, పని పోయిన రోజే నెత్తిమీద కప్పు కూడా పోతుంది. అలాంటి మనిషి జీతం పెంచమని నోరు తెరిచి ఎలా అడుగుతుంది?

నేటి సికింద్రాబాద్‌లో ఎక్కువమంది పని తీరు వేరు. ఒకామె మూడు నాలుగు ఇళ్లు పట్టుకుంటుంది. ఒక్కో ఇంట్లో గంటన్నరో రెండు గంటలో పని. బాసన్లు తోమడానికి ఇంత, ఊడ్చి తుడవడానికి ఇంత, బట్టలకు ఇంత అని పనుల లెక్కన జీతం. న్యాయంగా పెట్టుకోవడం అన్న ప్రశ్నలో ముడి ఇక్కడే పడింది. నలుగురు యజమానులున్న మనిషికి నిజానికి యజమాని అంటూ ఎవరూ లేరు. మేమిచ్చేది గంటన్నర పనే కదా, సెలవు, బోనస్, వైద్యం మా బాధ్యత ఎలా అవుతుందని నాలుగిళ్లవాళ్లూ అనుకుంటారు. ఆమె రోజు మాత్రం పూర్తి పనిదినంగానే గడుస్తుంది.

చట్టాలు చేసిన మేలు ఎంతో కూడా చూద్దాం. ఇంటి పనివాళ్ల పని పరిస్థితులపై పార్లమెంటు ముందుకు 1959లోనే ప్రైవేటు బిల్లులు వచ్చాయి, చట్టం కాలేదు. కర్ణాటక 2004లో వీరికి కనీస వేతనం ప్రకటించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో ఇంటి పనిని కనీస వేతనాల జాబితాలో చేర్చింది. కాగితం మీద అది పెద్ద అడుగు. కానీ కార్ఖానాకు వెళ్లి హాజరుపట్టీ అడిగినట్టు ఎవరి వంటింట్లోకీ లేబర్ ఇన్‌స్పెక్టర్ వెళ్లడు. అక్కడ హాజరుపట్టీయే ఉండదు. 2011 జూన్ 16న అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పనివాళ్ల కోసం 189వ ఒప్పందాన్ని ఆమోదించింది. భారత్ దానికి అనుకూలంగా ఓటేసింది గాని ఇప్పటికీ ధ్రువీకరించలేదు. 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. అయినా ఒక కుటుంబం ఉండే ఇల్లు ‘సంస్థ’ కిందికి వస్తుందా రాదా అన్న వాదన తెగలేదు. వీళ్లకంటూ ప్రత్యేక చట్టం లేదన్న సంగతిని 2025 జనవరి 29న ఒక తీర్పులో సుప్రీంకోర్టే ఎత్తిచూపి, చట్టం అవసరాన్ని పరిశీలించేందుకు కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది.

ఒక్క విషయంలో మాత్రం చట్టం స్పష్టంగా ఉంది, అది చాలామంది ఇల్లాళ్లకు తెలియదు. పనిచోట లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం ఇంటిని కూడా పనిచోటుగానే గుర్తించింది. ఇంటి పని చేసే స్త్రీ, ఆమె గంటసేపే పనిచేసినా సరే, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయవచ్చు. ఆమెను పనిలో పెట్టుకున్నవాళ్లే ఈ సంగతి చెప్పడం మర్యాద.

చట్టం పట్టనిచోట ఇంటివాళ్లే లెక్క వేయాలి. సరైన జీతం ఎంత అని అడిగితే చాలామంది “పక్క ఫ్లాట్‌లో ఎంతిస్తున్నారో అంత” అంటారు. పక్క ఫ్లాట్‌వాళ్లు ఆ పక్క ఫ్లాట్‌ను చూసి ఇస్తుంటారు. అసలు లెక్క ఎవరూ వేయరు. ఒకసారి వేసి చూద్దాం.

మూడు పడగ్గదుల ఫ్లాట్, నలుగురు మనుషులు. బాసన్లకు 35 నిమిషాలు, ఊడ్చి తుడవడానికి 45, మిషన్‌లోంచి బట్టలు తీసి ఆరేసి నిన్నటివి మడతపెట్టడానికి 25. మొత్తం గంటా నలభై ఐదు నిమిషాలు. ఈ మూడు పనులకూ కలిపి 2,500 ఇస్తున్నారనుకుందాం. వారపు సెలవు లేదు. నెలకు 30 రోజులంటే 52 గంటల 30 నిమిషాలు, అంటే గంటకు 47 రూపాయల చిల్లర. ఇలాంటివి నాలుగిళ్లు చేస్తే ఆమెకు వచ్చేది నెలకు 10,000.

ఇది తక్కువో సరైనదో తేల్చడానికి ఒక కొలత కావాలి. జాతీయ కనీస వేతనం ఎలా నిర్ణయించాలో చెప్పడానికి కేంద్రం వేసిన అనూప్ సత్పతి కమిటీ 2019లో నివేదిక ఇచ్చింది. ఒక కార్మిక కుటుంబానికి కావలసిన తిండి, బట్ట, ఇతర ఖర్చులు లెక్కగట్టి, 2018 జులై ధరల్లో రోజుకు 375 రూపాయలు, 26 రోజులకు 9,750 ఉండాలంది. పట్నాల్లో ఉండేవారికి ఇంటి అద్దె కోసం నెలకు 1,430 వరకు కలపమంది. రెండూ కలిపితే 11,180. అప్పటి నుంచి ధరలు సుమారు 40 శాతం పెరిగాయి కాబట్టి నేటి ధరల్లో అది 15,600 దాటుతుంది. రోజుకు 8 గంటల చొప్పున 26 రోజులంటే 208 గంటలు. భాగిస్తే గంటకు 75 రూపాయలు. ఇది ఉదారమైన జీతం కాదు, ఇంతకన్నా కిందికి పోకూడదన్న హద్దు మాత్రమే.

ఇప్పుడు మన ఫ్లాట్‌కు వద్దాం. వారానికో సెలవు ఇస్తే నెలకు 26 రోజులు, 45 గంటల 30 నిమిషాల పని. గంటకు 75 చొప్పున సుమారు 3,400. ఆమె ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడిచే సమయం, తలుపు తీసేదాకా నిలబడే సమయం, “ఇంకా టిఫిన్లు కాలేదు, పావుగంట ఆగి రా” అని తిప్పిపంపే సమయం ఎవరి లెక్కలోనూ పడదు. ఏడు గంటల పనికి ఇలా గంటన్నర దాకా పోతుంది. దాని కోసం ఆ 3,400కు ఐదో వంతు కలిపితే సుమారు 4,100 అవుతుంది. 2,500కూ దీనికీ తేడా 1,600. మొదట ఈ లెక్క చూసి ఉలిక్కిపడేవారు ఒక్కసారి గమనించాలి. గంటకు 47 రూపాయలంటే సత్పతి కమిటీ 2018 ధరల్లో అద్దె కలపక ముందు చెప్పిన హద్దుతో సమానం. ఆమె బియ్యం కొనేది మాత్రం ఈ సంవత్సరం ధరకే.

పనుల లెక్కన జీతంలో ఇంకో చిక్కుంది. పని పెరిగినా జీతం పెరగదు. ‘బాసన్లు’ అంటే మాట్లాడుకున్న రోజు నలుగురి బాసన్లు. ఊరినుంచి అత్తమామలు వచ్చి మూడు నెలలున్నా అది బాసన్లే. పండక్కి పదిహేనుమంది వచ్చినా బాసన్లే. కరోనా తర్వాత ఇంటినుంచే ఆఫీసు పని మొదలయ్యాక మధ్యాహ్నం కంచాలు, టీ కప్పులు రెట్టింపయ్యాయి, అవీ అదే లెక్కలోకి వెళ్లిపోయాయి. గంటల్లో లెక్క వేసుకున్న ఇంట్లో ఇది దాగదు. మామూలుగా తొమ్మిదిన్నరకు వెళ్లిపోయే మనిషి పదింటిదాకా ఉంటున్నదంటే పని పెరిగినట్టే. నెలలో నాలుగు రోజులు గడియారం చూసి రాసుకుంటే చాలు, ఎవరినీ అడగక్కర్లేదు.

జీతం కోతల సంగతికొస్తే, నేను విన్న ఫిర్యాదుల్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు వినబడింది ఒకటే. ఇంటివాళ్లు పది రోజులు తిరుపతో అమెరికానో వెళ్తారు, తిరిగొచ్చాక ఆ పది రోజుల జీతం కోస్తారు. ఆమె రానన్నదా? లేదు. ఆ పది రోజులకు వేరే ఇల్లు దొరుకుతుందా? దొరకదు. మన ఆఫీసు మూడు రోజులు మూసేస్తే మన జీతం కోస్తే ఊరుకుంటామా? ఇంటివాళ్లు లేని రోజులకు పూర్తి జీతం అన్న మాట మొదటి రోజే చెప్పేయాలి. జీతం ఏటా ఏ నెలలో పెరుగుతుందో, దసరాకో క్రిస్మస్‌కో రంజాన్‌కో ఆమె ఏ పండగ చేసుకుంటే దానికి ఒక నెల జీతం అదనంగా ఇస్తామో ఒక కాగితం మీద రాసి, ఒక కాపీ ఆమెకివ్వాలి. చదవడం రాకపోతే ఆమె కూతురితోనో కొడుకుతోనో చదివించుకుంటుంది. అడ్వాన్సు ఇస్తే నెలకు ఎంత తీసుకుంటారో అదే కాగితంలో ఉండాలి. అది జీతంలో పదోవంతు దాటకపోవడం మంచిది. తీరని అడ్వాన్సు ఆ మనిషిని ఇష్టంలేని ఇంటికి కట్టిపడేస్తుంది.

భద్రత కోసం ఇంటివాళ్లు చేయగలిగినవి చాలా చౌకగా ఉన్నాయి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, జీవన్ జ్యోతికి 436. ప్రమాదంలో ప్రాణం పోతే మొదటిదాని కింద, ఏ కారణంతో పోయినా రెండోదాని కింద కుటుంబానికి రెండేసి లక్షలు వస్తాయి. ఆమె బ్యాంకు ఖాతాలో ఆ డబ్బు వేసి, ఒక్కసారి ఆమెతోపాటు బ్యాంకుకు వెళ్లిరావడమే మన పని. శ్రమ్ యోగి మాన్‌ధన్ పింఛను పథకంలో 60 ఏళ్ల తర్వాత నెలకు 3,000 వస్తుంది, కార్మికురాలు కట్టినంత ప్రభుత్వమూ కడుతుంది. కానీ 18 నుంచి 40 ఏళ్ల మధ్యవాళ్లకే అందులో చేరే వీలుంది. ఇళ్లల్లో పనిచేసేవాళ్లలో నలభై దాటినవాళ్లు చాలామంది, వాళ్లకు ఈ తలుపు మూసేసి ఉంది. వాళ్ల విషయంలో నెలకు ఇంత అని రికరింగ్ డిపాజిట్ వాళ్ల పేర కట్టడం ఇంటివాళ్ల చేతిలో ఉన్న ఒక మార్గం.

ఇక సెలవు. ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. వెస్ట్ మారేడ్‌పల్లిలో తెలిసినవారి ఇంట్లో కూర్చుని ఉండగా జరిగిన మాటలు ఇవి. ఇంటావిడ మంచి మనిషి. టీ ఇచ్చి, పనామెను కూర్చోబెట్టి అడిగింది.

“ఆదివారం రావొద్దని చెప్పాను కదమ్మా, మళ్లీ ఎందుకొచ్చావు?”

“మీరొద్దన్నరు. కింది ఫ్లోర్ల రెండిళ్లోళ్లు ఐతారమే చుట్టాలొస్తరు, తప్పక రమ్మన్నరు. ఎట్లాగూ వచ్చిన గదా అని మీ ఇంటికొచ్చిన. మీది సోమారం సెలవిస్తరా?”

“సోమవారమైతే ఆ రెండిళ్లకూ వెళ్లాలి కదా నువ్వు?”

“పోవాలె.”

మొత్తం చిక్కు ఈ నాలుగు మాటల్లో ఉంది. ఒక మంచి ఇల్లు సెలవిచ్చినా నాలుగిళ్ల మనిషికి అది సెలవు కాదు, గంటా నలభై ఐదు నిమిషాల ఖాళీ మాత్రమే. ఆ రోజు కూడా తెల్లవారకముందే లేవాలి, కొండ దిగాలి, చీర కొంగు బిగించాలి. 189వ ఒప్పందం వారపు విశ్రాంతి అంటే వరసగా కనీసం 24 గంటలని చెప్పింది. ఆ ఇరవైనాలుగు గంటలు దొరకాలంటే నాలుగిళ్లూ ఒకే రోజు తలుపు మూయాలి. నాలుగూ ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటే, సాధారణంగా ఉంటాయి కూడా, ఆ పని అసోసియేషన్ ఒక్కటే చేయగలదు. మన అసోసియేషన్‌లు పార్కింగ్ గురించి గంటలకొద్దీ చర్చిస్తాయి, పనివాళ్లకు ఎవరూ జీతాలు పెంచొద్దని లోపాయికారీగా మాట్లాడుకుంటాయి కూడా. జీతం తొక్కిపట్టడానికి కలిసికట్టుగా ఉండగలిగినవాళ్లు సెలవివ్వడానికి కలవలేరా?

ఆదివారమా, ఇంకో రోజా అన్నది కూడా వాళ్లనే అడగాలి. సికింద్రాబాద్‌లో ఈ పనిచేసేవాళ్లలో క్రైస్తవులూ ఉన్నారు, వాళ్లకు ఆదివారం చర్చికి వెళ్లాలని ఉంటుంది. ఇళ్లవాళ్లకేమో ఆదివారమే అందరూ ఇంట్లో ఉండే రోజు, కంచాలు ఎక్కువయ్యే రోజు. ఆ ఇబ్బంది నిజమే. దానికి మధ్యేమార్గం ఉంది. ఆదివారం పొద్దున పూర్తిగా వదిలేసి, సాయంత్రం రమ్మనే బదులు ఆ ఒక్కరోజు ఇంట్లో అందరూ తమ కంచాలు తామే కడుక్కోవడం. ఇక ఏటేటా వచ్చే బోనాలు, బతుకమ్మ, రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర ముందే తెలిసేవి. లష్కర్ బోనాల ఆదివారం, మరునాటి రంగం రోజు పనికి రాకపోతే అది ఆమె చెప్పకుండా మానేయడం ఎలా అవుతుంది? క్యాలెండర్‌లో ఇంటివాళ్లే గుర్తుపెట్టుకోవలసిన రోజులవి.

ఇంట్లోనే ఉండి పనిచేసే ఆయాలు, వంటమనుషుల విశ్రాంతి ఇంకో తీరు. పని లేని గంట వేరు, విశ్రాంతి వేరు. పాప నిద్రపోతుంటే పక్కనే కూర్చుని, ఏడిస్తే లేవడానికి సిద్ధంగా ఉండే రెండు గంటలు విశ్రాంతి కాదు. తన సమయం తన ఇష్టప్రకారం వాడుకోలేని గంటలను పనిగంటలుగానే చూడాలంటుంది 189వ ఒప్పందం. మధ్యాహ్నం రెండు గంటలు ఆమె గది తలుపు వేసుకోవచ్చా, ఫోను మాట్లాడుకోవచ్చా, బయటికి వెళ్లిరావచ్చా? ఈ మూడింటికీ అవునన్న జవాబు వస్తేనే అది విశ్రాంతి. రాత్రి తొమ్మిది తర్వాత పిలవకపోవడమూ ఇందులో భాగమే.

నాలుగిళ్లు తిరిగే మనిషి ఆరున్నర నుంచి మూడింటిదాకా బాత్రూంకు ఎక్కడికి వెళ్తుంది? ఈ ప్రశ్న మనం అడగం, ఆమె చెప్పదు. నీళ్లు తాగకుండా ఉండటమే చాలామంది పట్టుకున్న ఉపాయం. మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు, ఎండాకాలంలో కళ్లు తిరగడం అక్కడినుంచే మొదలవుతాయి. కొన్నేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో పనివాళ్లు మెయిన్ లిఫ్ట్ ఎక్కితే జరిమానా అని బోర్డు పెట్టారని దేశమంతా గగ్గోలైంది. ఆ బోర్డు లేని అపార్ట్‌మెంట్లలో కూడా మన ఇంటి బాత్రూం ఆమెకు తెరిచి ఉందా అన్నది ఎవరికి వారు చూసుకోవాలి.

పిల్లల సంగతికి ఇక్కడినుంచే వెళ్లాలి. ఎందుకంటే పిల్లలు నేర్చుకునేది మనం చెప్పే నీతుల్లోంచి కాదు, ఈ బాత్రూంలోంచి, ఆ లిఫ్ట్‌లోంచి, ఆమెకు టీ పోసే గ్లాసులోంచి. ఆ గ్లాసు వంటింటి గట్టు కింద విడిగా ఎందుకుంటుందో నాలుగేళ్ల పిల్ల అడగదు. చూసి తెలుసుకుంటుంది. ఆ తర్వాత ఎంత “అక్కను గౌరవించాలమ్మా” అని చెప్పినా వృథా. కాబట్టి మొదటి పని మనది: అందరి గ్లాసుల్లో ఒక గ్లాసు, కూర్చోవడానికి ఒక కుర్చీ, మనం తినే తాజా కూరే. రాత్రి మిగిలింది ఇచ్చేటప్పుడు అడిగి ఇవ్వాలి, వద్దంటే నొచ్చుకోకూడదు.

ఒక ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్లాడు సోఫాలో కూర్చుని ట్యాబ్ చూస్తూ, తల ఎత్తకుండా, “ఏయ్, నీళ్లు తే” అన్నాడు. అక్కడ నేల తుడుస్తున్న పనామె వయసు అరవై. గుడ్డ పక్కన పెట్టి లేవబోయింది. పిల్లాడి తల్లి వంటింట్లోంచి వచ్చి, “మీరు కూర్చోండి పెద్దమ్మా” అని, పిల్లాడితో “లే. నీళ్లు తెచ్చుకో. ముందు పెద్దమ్మకు ఒక గ్లాసు ఇచ్చి తర్వాత నువ్వు తాగు” అంది. కేకల్లేవు, ఉపన్యాసం లేదు. ఆ పిల్లాడు మూతి ముడుచుకుని వెళ్లి రెండు గ్లాసులు తెచ్చాడు. ఆ తల్లి తర్వాత నాతో ఒక మాట అంది. తిట్టి ఉంటే వాడికి ఆమె మీదే కోపం వచ్చేదట, ఆమె వల్ల తిట్లు తిన్నానని. పని చేయించడం వల్ల ఆ కోపానికి చోటు లేకుండా పోయింది. పిల్లల్ని సరిదిద్దే తీరులో కూడా ఆమెకు నష్టం జరగకుండా చూడాలన్న ఈ ఆలోచన నాకు ఎంతో సబబుగా అనిపించింది.

పిలుపులు తెలుగిళ్లల్లో ఉన్నవే చాలు. అక్క, పిన్ని, పెద్దమ్మ, వయసును బట్టి. పేరు పెట్టి పిలవడం, నువ్వు, ఇటు రా అనడం పిల్లల నోట పెద్దవాళ్ల ఎదుట రానివ్వం కదా, ఆమె ఎదుట కూడా రానివ్వకూడదు. అంతకన్నా ముఖ్యం పనిలో వాటా. ఐదేళ్ల పిల్ల తన కంచంలో మిగిలిన మెతుకులు చెత్తబుట్టలో వేసి సింక్‌లో పెట్టగలదు. ఎనిమిదేళ్లకు ఒక చెంబెడు నీళ్లు పోసి పెట్టగలదు. ఎండిపోయిన పప్పు గీకడానికి పట్టే సమయం దానివల్ల తగ్గుతుంది. పదేళ్లకు పక్క సర్దుకోవచ్చు, లోదుస్తులు తామే ఉతుక్కోవచ్చు. తుడిచిన నేల ఆరేదాకా అడుగుపెట్టకూడదని, పెన్సిల్ చెక్కిన పొట్టు నేలమీద పడేయకూడదని ఒకసారి నేర్పితే మరిచిపోరు. పన్నెండు దాటాక జీతం లెక్క వాళ్లతోనే వేయించండి. పైన వేసిన ఆ 75 రూపాయల లెక్క ఏడో తరగతి పిల్లలకు వస్తుంది. నెలాఖరున ఆ డబ్బు వాళ్ల చేతులతో, రెండు చేతులా, ఇప్పించండి.

ఆయా చేతిలో పెరిగే పిల్లల విషయంలో తల్లిదండ్రులు చేసే పెద్ద పొరపాటు, ఆమెకు బాధ్యత ఇచ్చి అధికారం ఇవ్వకపోవడం. టీవీ కట్టేయమని ఆమె చెబితే పిల్లాడు కొడతాడు, ఇంట్లోవాళ్లు నవ్వుతారు. రెండోసారి ఆమె చెప్పదు. ఆరింటికి టీవీ కట్టేయాలన్న నియమం అమ్మదని, ఆయా అమ్మ మాటే చెబుతోందని పిల్లాడి ముందు, ఆమె ముందు ఒకసారి తేల్చి చెప్పాలి. వాడు చెయ్యెత్తితే అమ్మమీద చెయ్యెత్తితే ఏం జరుగుతుందో అదే జరగాలి. ఆమె కూడా పిల్లాడిని కొట్టకూడదు, బెదిరించకూడదు. ఆ మాట కూడా అప్పుడే తేల్చుకోవాలి.

దయ నేర్పాలనుకుని కొందరు పిల్లలచేత పాత బట్టలు, విరిగిన బొమ్మలు ఇప్పిస్తారు. ఇవ్వవచ్చు, కానీ ఆమె జీతం సరిగా లేని ఇంట్లో అది పిల్లలకు తప్పు పాఠం. ఇవ్వాల్సింది ఇవ్వకుండా, ఇవ్వనక్కర్లేనిది ఇచ్చి మంచివాళ్లమనిపించుకోవచ్చని వాళ్లు నేర్చుకుంటారు.

ఇంట్లో వస్తువు కనబడకపోతే ఏం చేస్తామో కూడా పిల్లలు చూస్తారు. ముందు ఇల్లంతా వెతకాలి, ఇంట్లోవాళ్లందరినీ అడగాలి, అప్పుడు ఆమెను అడగాలి, అడిగేది కూడా ‘చూశారా’ అని. హైదరాబాద్ పోలీసుల హాక్ ఐ యాప్‌లో పనివాళ్ల వివరాలు నమోదు చేసుకునే వీలు మనకుంది. మన గురించి వాకబు చేసుకునే వీలు ఆమెకు లేదు. ఇంటి తలుపు వేశాక ఆ నాలుగు గోడల మధ్య జాగ్రత్త పడవలసిన అవసరం నిజానికి ఆమెకే ఎక్కువ.

పిల్లలకు దయ నేర్పాలనుకునే ఇంట్లో పిల్లల చేత పని చేయించడం అన్నిటికన్నా ఘోరం. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఇంటి పనిలో పెట్టుకోవడాన్ని 2006 అక్టోబర్ 10 నుంచే నిషేధించారు. 2016 సవరణతో ఆ వయసువాళ్లకు దాదాపు అన్ని పనులూ నిషిద్ధమయ్యాయి. పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్య పిల్లల్ని పెట్టుకుని జీతం పట్టి ఉంచినా, బందీగా ఉంచినా, దోపిడీ చేసినా జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఐదేళ్ల వరకు జైలు ఉంది. తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ చేపట్టి పిల్లల్ని విడిపిస్తున్నారు. అయినా ఊరినుంచి “మా పాపకు ఆటకు తోడుగా” అని పన్నెండేళ్ల పిల్లను తెచ్చుకునే ఇళ్లు కనబడుతూనే ఉన్నాయి. మన పాప స్కూలుకు వెళ్లేటప్పుడు ఆ పిల్ల టిఫిన్ బాక్సు కడుగుతుంది. అది చూస్తూ పెరిగిన పిల్లకు ఆ తర్వాత ఏం నేర్పగలం? ఎక్కడైనా కనబడితే 1098కి ఫోన్ చేయండి, మీ పేరు బయటపెట్టరు.

మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వచ్చే సమావేశం ఎప్పుడో కనుక్కోండి. పనివాళ్లందరికీ జీతంతో కూడిన ఒకే వారపు సెలవు, అందరికీ ఒకే లిఫ్ట్, కింద గొళ్లెం పడే తలుపుతో ఒక బాత్రూం, తాగునీటి కుళాయి — వీటిని ఎజెండాలో రాయించండి. ఏ రోజు సెలవు కావాలో చెప్పడానికి ఆ సమావేశానికి మీ ఇంట్లో పనిచేసే ఆమెను కూడా పిలవండి, ఆ గంటకు జీతం ఇవ్వండి.